గోడలో విరిగిన స్క్రూను, ప్లాస్టిక్ ప్లగ్‌ను తొలగించడం

ప్లగ్‌ను ఊడబెరకడానికి ముందు అది గోడను ఎందుకు పట్టుకొని ఉందో తెలుసుకోవాలి. రంధ్రంలో వదులుగా ఉన్న ప్లగ్ స్క్రూ లోనికి పోయేకొద్దీ విచ్చుకొని ఇటుకను ఒత్తుతుంది. ఆ ఒత్తిడివల్ల కలిగే ఘర్షణే దాని బలం. స్క్రూ విరిగినా లోపలి ముక్క ప్లగ్‌ను విచ్చుకొనే ఉంచుతుంది. ఆ స్థితిలో బలంగా లాగితే ప్లగ్ రాదు, ప్లాస్టరింగ్ పెచ్చు ఊడుతుంది. కాబట్టి ముందు స్క్రూ ముక్క, తరువాత ప్లగ్.

ఒక ఉదాహరణ తీసుకొందాం. తువ్వాలు కడ్డీ బిగించడానికి 8 మి.మీ. ప్లగ్, 5 మి.మీ. మందం, 38 మి.మీ. పొడవు గల స్క్రూ వాడారు. రంధ్రం లోతు 30 మి.మీ. మాత్రమే. స్క్రూ కొన అడుగును తాకినా తిప్పడం ఆపలేదు, స్క్రూ విరిగింది. తలతో వచ్చిన ముక్కను కొలిస్తే 10 మి.మీ. ఉంది. అంటే లోపల 28 మి.మీ. మిగిలింది. విరిగిన చోటు గోడ ఉపరితలానికి 2 మి.మీ. లోపల ఉంది.

అంత దగ్గరలో ఉన్న ముక్కను బయటికి తీయవచ్చు. కంటికి అద్దాలు పెట్టుకొని, 2 మి.మీ. బిట్‌తో స్క్రూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌లో నాలుగు చోట్ల సుమారు 7 మి.మీ. లోతు వరకు రంధ్రాలు చేయండి. మధ్య మిగిలిన ప్లాస్టిక్‌ను బ్లేడు మొనతో గీకండి. నోస్ ప్లయర్ దూరకపోతే రంధ్రం మూతి వద్ద ప్లాస్టరింగ్‌ను కొద్దిగా తొలచండి. ముక్కను గట్టిగా పట్టి అపసవ్య దిశలో నెమ్మదిగా తిప్పండి. ప్లయర్ జారి లోహం మెరుస్తూ ఉంటే పట్టు చాలలేదని అర్థం. ఇంకొంచెం ప్లాస్టిక్ తీయాలి.

స్క్రూ వచ్చాక 6 మి.మీ. స్క్రూను ప్లగ్‌లో మూడు నాలుగు చుట్లు మాత్రమే తిప్పండి. పూర్తిగా తిప్పితే ప్లగ్ మళ్లీ విచ్చుకొంటుంది. ఆ స్క్రూ తలను సుత్తి చీలికలో ఇరికించి, సుత్తి కింద చెక్కముక్క పెట్టి, సూటిగా లాగండి.

ముక్క బాగా లోతున విరిగితే తవ్వకండి. దాన్ని అలాగే వదిలి, మూతిని పుట్టీతో పూడ్చి, కనీసం 5 సెం.మీ. పక్కన కొత్త రంధ్రం చేయండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద మాత్రం డ్రిల్ పెట్టకూడదు. అక్కడ గోడలో విద్యుత్ తీగలు ఉండవచ్చు.

పాత రంధ్రాన్నే వాడదలిస్తే దాన్ని 10 మి.మీ. వెడల్పు చేసి, స్క్రూ కొన అడుగును తాకనంత లోతుగా తొలచి, 10 మి.మీ. ప్లగ్ వేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 50 మి.మీ. స్క్రూ విరిగి, తలతో 30 మి.మీ. ముక్క వచ్చింది. విరిగే సమయానికి స్క్రూ తల గోడకు 5 మి.మీ. దూరంలో ఉంది. విరిగిన చోటు ఎంత లోతున ఉంది? ముక్కను తీస్తారా, వదిలేస్తారా?