సిమ్యులేషన్ ముగిశాక అడగాల్సిన ప్రశ్నలు

సిమ్యులేషన్ ముగియగానే, అందులో పాల్గొన్నవాళ్లు శిక్షకుడితో కూర్చుని తాము చేసినదాన్ని తిరిగి చూసుకునే సంభాషణను డీబ్రీఫింగ్ అంటారు. నర్సులకు, డాక్టర్లకు ఇచ్చే శిక్షణలో నేర్చుకోవడం ఎక్కువగా ఈ సంభాషణలోనే జరుగుతుంది. అందుకే బొమ్మ మీద అభ్యాసం పది నిమిషాలు సాగితే, దాని మీద మాట్లాడుకోవడానికి కనీసం అంత సమయం, వీలైతే రెట్టింపు సమయం కేటాయిస్తారు. శిక్షకుడే తప్పులన్నీ ఏకరువు పెడితే ఆ సమయం ఉపన్యాసంగా మారిపోతుంది. లోపం ఎక్కడుందో నేర్చుకునేవాళ్లే గుర్తించి, తమ నోటితో చెప్పేలా ప్రశ్నలను అమర్చుకోవాలి.

ప్రసవం తర్వాత అధిక రక్తస్రావాన్ని తీసుకుందాం. సాధారణ కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు, అంతకు మించి రక్తం పోతే దాన్ని అధిక రక్తస్రావంగా లెక్కిస్తూ వచ్చారు. అభ్యాసంలో ఒక స్టాఫ్ నర్సు రక్తస్రావం మొదలైన వెంటనే గర్భాశయాన్ని మర్దన చేయడం మొదలుపెట్టింది. ఆ పని సరైనదే. అయితే నాలుగు నిమిషాల పాటు ఎవరినీ సాయానికి పిలవలేదు. ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్ రెండూ ఆలస్యమయ్యాయి.

కూర్చోగానే ఈ ఆలస్యాన్ని ఎత్తకూడదు. ఆమె గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంటుంది. మొదట "ఇప్పుడు ఎలా అనిపిస్తోంది?" అని బృందంలో అందరినీ అడగాలి. ఉద్వేగం మాటల్లో బయటికి వచ్చాకే ఆలోచన కుదుటపడుతుంది. తర్వాత "ఈ తల్లికి ఏమైందో క్లుప్తంగా చెప్పండి" అని ఒకరిని అడగాలి. ఒక్కొక్కరు ఒక్కో కథ చెబితే, జరిగినదాని మీద బృందంలో ఏకాభిప్రాయం లేదన్నమాట. ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఈ రెండు మెట్లకు నాలుగైదు నిమిషాలు సరిపోతాయి.

అసలు పని విశ్లేషణలో ఉంది. ఇక్కడ చాలామంది శిక్షకులు "ఎందుకు పిలవలేదు సిస్టర్?" అని అడుగుతారు. అది వినడానికి ప్రశ్నలా ఉన్నా, ఎదుటివాళ్ల చెవికి నిందలానే తగులుతుంది. జవాబుగా సంజాయిషీ వస్తుంది, లేదా "సారీ మేడమ్" అన్న ఒక్క మాటతో విషయం ముగుస్తుంది. "అలాంటప్పుడు ముందు ఏం చేయాలి?" అన్న ప్రశ్నకూ ఇదే ఇబ్బంది. శిక్షకుడి మనసులోని జవాబేమిటో ఊహించడమే అందరి పని అయిపోతుంది.

బోస్టన్‌లోని సెంటర్ ఫర్ మెడికల్ సిమ్యులేషన్‌కు చెందిన జెన్నీ రుడాల్ఫ్, ఆమె సహచరులు 2006లో దీనికి ఒక దారి చూపారు. శిక్షకుడు తాను చూసినది చెప్పాలి, దాని మీద తన అభిప్రాయం దాచకుండా చెప్పాలి, ఆ తర్వాత ఎదుటివాళ్ల ఆలోచన ఏమిటో నిజమైన ఆసక్తితో అడగాలి. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది: "రక్తస్రావం మొదలయ్యాక నాలుగు నిమిషాలు మీరొక్కరే మర్దన చేస్తూ ఉండటం చూశాను. మందులు ఆలస్యమవుతాయేమోనని నాకు భయమేసింది. ఆ సమయంలో మీకు పరిస్థితి ఎలా కనిపించింది?"

అడిగాక శిక్షకుడు నోరు కట్టుకోవాలి. అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఐదారు సెకన్ల నిశ్శబ్దం భరించలేక తానే జవాబు అందిస్తే అక్కడికి ఆలోచన ఆగిపోతుంది.

ఆ నర్సు "రక్తం అంత ఎక్కువ పోయిందనుకోలేదు" అనవచ్చు. "రాత్రివేళ మేడమ్‌ను పిలిస్తే కోప్పడతారనిపించింది" అని కూడా అనవచ్చు. పైకి కనిపించిన తప్పు ఒకటే అయినా లోపాలు రెండూ వేరు. మొదటిదానికి రక్తాన్ని కంటి అంచనాకు వదలకుండా కొలిచే సంచితో కొలవడం నేర్పాలి, ఎందుకంటే కంటి అంచనా తరచూ అసలు కన్నా తక్కువగానే ఉంటుంది. రెండోదానికి ఏ కొలతా పనికిరాదు. ఎప్పుడు, ఏ మాటలతో పిలవాలో డాక్టర్లతో కలిసి వార్డులో ముందే నిర్ణయించుకోవాలి. ఆలోచన అడగకుండా తప్పు మాత్రమే దిద్దిన శిక్షకుడు రెండోవారికి మొదటివారి పాఠం చెప్పి పంపేస్తాడు.

నేర్చుకునేవాళ్లు చెప్పిన లోపం మరీ పెద్దమాటగా ఉంటే అక్కడితో ఆగకూడదు. "నా కమ్యూనికేషన్ సరిగా లేదు" అన్నప్పుడు "ఏ క్షణంలో, ఎవరికి, ఏ మాట చెప్పాల్సింది?" అని అడగాలి. "రక్తం ధారగా కనిపించిన క్షణంలోనే పక్కనున్న సిస్టర్‌ను పేరుతో పిలిచి, మేడమ్‌కు ఫోన్ చేయమని చెప్పాల్సింది" అనే వరకు వస్తే లోపం స్పష్టంగా బయటపడినట్టే. చివరగా "రేపటి డ్యూటీలో దీన్ని ఎలా అమలు చేస్తారు?" అని అడిగి, వీలుంటే ఆ ఘట్టాన్నే మళ్లీ చేయించాలి.

ప్రతిదాన్నీ ప్రశ్నలతో రాబట్టాలని పట్టుబట్టడమూ సరికాదు. ట్రానెగ్జామిక్ యాసిడ్‌ను ఒక గ్రాము మోతాదులో, పది నిమిషాల పాటు నెమ్మదిగా నరంలోకి ఇవ్వాలని, కాన్పైన మూడు గంటల్లోపే మొదలుపెట్టాలని తెలియనివాళ్లను ఎంత అడిగినా జవాబు రాదు. అలాంటిదాన్ని నేరుగా, ఒక్క వాక్యంలో చెప్పేయాలి. మిగిలిన సమయమంతా నేర్చుకునేవాళ్లదే కావాలి. గదిలో ఎక్కువసేపు వినిపించింది శిక్షకుడి గొంతే అయితే, ఆ డీబ్రీఫింగ్ విఫలమైనట్టే.