ఒక్క అప్పుకు ఐదు ఎంక్వైరీలు

గుంటూరులో ఒక ప్రైవేటు ఉద్యోగి ఉన్నాడనుకుందాం. చెల్లెలి పెళ్లికి ఐదు లక్షల పర్సనల్ లోన్ కావాలి. క్రెడిట్ కార్డు బిల్లు ఏనాడూ ఆలస్యం చేయలేదు, బండి లోన్ వాయిదాలు కూడా సకాలంలో కట్టేశాడు. తెలిసినవాళ్లు ఒక లోన్ ఏజెంట్‌ను పరిచయం చేశారు. పాన్ కార్డు, జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. ఏజెంటు సోమవారం ఆ ఫైలును రెండు బ్యాంకుల్లో లాగిన్ చేశాడు. బుధవారం మరో రెండు ఫైనాన్స్ కంపెనీలకు పంపాడు. రోజులు గడుస్తున్నా కబురు లేకపోయేసరికి, కంగారుపడి ఆ ఉద్యోగే ఫోన్‌లో ఒక లోన్ యాప్‌లోనూ దరఖాస్తు పెట్టాడు.

అతని లెక్కలో అది ఒకే ఒక్క అప్పు. క్రెడిట్ రిపోర్టులో మాత్రం తొమ్మిది రోజుల వ్యవధిలో ఐదు ఎంక్వైరీలు నమోదయ్యాయి.

అప్పు కోసం దరఖాస్తు చేసినప్పుడు, ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి బ్యాంకు మన రిపోర్టును తెప్పించుకుంటుంది. దాన్నే హార్డ్ ఎంక్వైరీ అంటారు. మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకు ఏ సంస్థను అడిగితే ఆ సంస్థ రిపోర్టులో ఎంక్వైరీ పడుతుంది. ఎవరు అడిగారు, ఏ తేదీన, ఏ రకం అప్పుకు, ఎంత మొత్తానికి అన్న వివరాలు అందులో ఉంటాయి.

మన స్కోరును మనమే చూసుకుంటే పడేది సాఫ్ట్ ఎంక్వైరీ. ఇప్పటికే అప్పిచ్చిన బ్యాంకు మన ఖాతాను సమీక్షించడానికి చూసినా, ‘మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది’ అని మెసేజ్ పంపే ముందు చూసినా సాధారణంగా అదీ సాఫ్టే. ఇవి స్కోరును తాకవు, కొత్తగా అప్పిచ్చేవారికి కనిపించవు. సొంత స్కోరు చూసుకుంటే తగ్గిపోతుందని భయపడి ఏళ్ల తరబడి రిపోర్టు ముట్టుకోనివారు చాలామందే ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. నెలకోసారి చూసుకున్నా స్కోరుకు ఏమీ కాదు.

మరి కేవలం అడిగినందుకే స్కోరు ఎందుకు తగ్గాలి? గుంటూరు ఉద్యోగి ఆరో బ్యాంకుకు వెళ్లాడనుకుంటే కారణం తెలుస్తుంది. అక్కడి అధికారి తెరపై ఐదు ఎంక్వైరీలు, ఒక్కోటీ ఐదు లక్షలకు కనిపిస్తాయి. అడిగిన మిగతా సంస్థల పేర్లు సాధారణంగా ఆయనకు కనిపించవు. ఆ దరఖాస్తులు మంజూరయ్యాయో తిరస్కరణకు గురయ్యాయో కూడా రిపోర్టు చెప్పదు. అన్నీ ఒకే పెళ్లి కోసమని అందులో ఎక్కడా రాసి ఉండదు.

అసలు చిక్కు కాలవ్యవధిలో ఉంది. ఎంక్వైరీ అడిగిన వెంటనే నమోదవుతుంది. మంజూరైన అప్పు మాత్రం, ఇచ్చిన సంస్థ తన లెక్కలు పంపాకే రిపోర్టులోకి ఎక్కుతుంది. ఒకప్పుడు ఈ లెక్కలు నెలకోసారి వెళ్లేవి. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అయినా మధ్యలో కొన్ని రోజుల ఖాళీ తప్పదు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఇప్పటికే డబ్బు ఇచ్చి ఉంటే, ఈ అధికారి మూడోసారి ఇచ్చినట్టవుతుంది. ఇంకా కనిపించని ఆ అప్పుకు ఎంక్వైరీలే ఆయనకున్న ఆధారం. ఒకవేళ ఎవరూ ఇవ్వలేదనుకున్నా, అంతమంది ఎందుకు కాదన్నారన్న అనుమానం మిగులుతుంది. అందుకే స్కోరు బాగున్నా దరఖాస్తు ఆగిపోవచ్చు, లేదా వడ్డీ రేటు పెరగవచ్చు.

ఒక్కో ఎంక్వైరీకి ఎన్ని పాయింట్లు పోతాయన్న దానికి అందరికీ వర్తించే లెక్క ఏదీ లేదు. 300 నుంచి 900 దాకా ఉండే స్కోరులో వాయిదాలు సకాలంలో కట్టడానికి, కార్డు పరిమితిలో ఎంత వాడుతున్నామన్నదానికి ఉన్న బరువు ఎంక్వైరీలకు ఉండదు. పాత చరిత్ర బాగా ఉన్నవారికి ఒకటి రెండు ఎంక్వైరీల వల్ల పెద్దగా తేడా రాదు. ఈమధ్యే మొదటి కార్డు తీసుకున్న కుర్రవాడికి, అప్పటికే కార్డు పరిమితి నిండా వాడేసినవారికి అవే ఎంక్వైరీలు గట్టిగా తగులుతాయి. కాలం గడిచేకొద్దీ వాటి ప్రభావం తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న బంధువులు ఈ విషయంలో వేరే మాట చెబుతుంటారు, అక్కడికి అది నిజమే. అక్కడ ఎక్కువగా వాడే ఫైకో స్కోరులో ఇంటి రుణం, కారు రుణం, విద్యారుణం కోసం తక్కువ వ్యవధిలో పలుచోట్ల అడిగితే వాటన్నిటినీ ఒకే ఎంక్వైరీగా లెక్కిస్తారు. కొత్త ఫైకో నమూనాల్లో ఆ గడువు 45 రోజులు, పాతవాటిలో 14 రోజులు. క్రెడిట్ కార్డు దరఖాస్తులకు అక్కడ కూడా ఈ వెసులుబాటు వర్తించదు. ఆ భరోసాతో హైదరాబాద్‌లో ఫ్లాటు కోసం ఆరు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెట్టడం పొరపాటు. ఇక్కడి రిపోర్టులో ఆరూ విడివిడిగానే కనిపిస్తాయి.

వడ్డీ రేట్లు పోల్చుకోవద్దని దీని అర్థం కాదు. రేటు, ప్రాసెసింగ్ ఫీజు, కనీస జీతం నిబంధన వంటివి బ్యాంకు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, బ్రాంచిలో నోటిమాటగా అడిగినా చెబుతారు. వీటికి పాన్ నంబరు ఇవ్వనక్కర్లేదు. మన ఉద్యోగి కనీస జీతం ఎంతో ముందే అడిగి ఉంటే, తనకు అర్హత లేని చోట్ల ఫైలు లాగిన్ అయ్యేదే కాదు. ‘అర్హత చూసుకోండి’ అనే యాప్‌లలో ఓటీపీ కొట్టే ముందు, రిపోర్టు తెప్పించుకోవడానికి ఎవరికి అనుమతి ఇస్తున్నామో చదవాలి. ఒక సంస్థకా, వాళ్ల భాగస్వాములందరికీనా అన్నది అక్కడే రాసి ఉంటుంది. ఏజెంటుకైతే, చెప్పకుండా రెండో చోట ఫైలు పెట్టవద్దని వాట్సాప్‌లోనైనా రాసి పంపడం మంచిది.

ఇప్పటికే ఐదు పడిపోతే చేయగలిగింది కొత్త దరఖాస్తులు ఆపి, కొన్ని నెలలు వాయిదాలు సక్రమంగా కట్టడమే. నిజంగా మనమే చేసిన ఎంక్వైరీని డబ్బు తీసుకుని తీసేయిస్తామనేవారిని నమ్మవద్దు. మనం అడగని ఎంక్వైరీ కనిపిస్తే మాత్రం ఊరుకోకూడదు. మన రిపోర్టులో ఆ సంస్థ పేరు, తేదీ ఉంటాయి. వాటితో ఆ క్రెడిట్ సంస్థకు, అడిగిన బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎవరైనా మన రిపోర్టు తెప్పించుకుంటే మెసేజ్ ద్వారానో మెయిల్ ద్వారానో మనకు తెలియజేయాలని కూడా రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఫోన్ నంబరు మారినవారికి ఆ సమాచారం అందదు కాబట్టి, బ్యాంకుల్లో కొత్త నంబరు నమోదు చేయించుకోండి.

నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. తదుపరి అప్పుకు దరఖాస్తు పెట్టే ముందు దాన్ని తెప్పించుకుని, ఎంక్వైరీల పేజీ తెరిచి, అందులోని ప్రతి పేరు మీకు గుర్తున్నదేనా చూసుకోండి.