నాలుగో మనిషి లేని వరస

ఏడుగురు వరసగా నిలబడ్డ ఫోటోలోంచి నాలుగో మనిషిని తీసేస్తే ఆరుగురి వరస మిగులుతుందని అనుకుంటాం. కంటికి మాత్రం ముగ్గురేసి ఉన్న రెండు జట్లు కనిపిస్తాయి. రెండో మనిషిని తీసేస్తే ఇంకా ఇబ్బంది. ఐదుగురు ఒక గుంపుగా, ఒక్కరు వాళ్లకు దూరంగా వెలివేసినట్టుగా కనిపిస్తారు. అదే చివరి మనిషిని తీసేస్తే మధ్యలో ఖాళీయే ఉండదు, వరస మొత్తం ఒక పక్కకు జరిగినట్టు ఉంటుంది, అంతే. తీసేసింది ప్రతిసారీ ఒక్క మనిషినే. కానీ ఆ ఖాళీ ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి, ఉన్నవాళ్ల మధ్య సంబంధం మారిపోయినట్టు అనిపిస్తుంది.

ఇది మన కన్ను పనిచేసే తీరు. దగ్గరగా ఉన్నవాటిని ఒక గుంపుగా, దూరంగా ఉన్నవాటిని వేరే గుంపుగా అది తనంతట తానే లెక్కవేసుకుంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో మామూలు చుక్కల వరసలతోనే ఈ సంగతి చూపించాడు. ఎడం ఎన్ని సెంటీమీటర్లన్నది కన్నుకు పట్టదు, పక్కనున్న ఎడాలతో పోలిస్తే ఎంత ఎక్కువన్నదే పడుతుంది. గ్రూప్ ఫోటోలో మనుషుల విషయంలోనూ అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బడి రజతోత్సవ సంచిక కోసం ఏడుగురు టీచర్లు గోడ ముందు నిలబడి ఫోటో దిగారు. తన బొమ్మ అచ్చులో రావద్దని నాలుగో టీచరు తర్వాత కోరారు. మళ్లీ అందరినీ నిలబెట్టే వీలు లేదు. కాబట్టి ఆవిడ వరకు కత్తిరించి, అక్కడ పారదర్శకమైన ఖాళీ ఉంచి, సంచిక పేజీ రంగు అందులోంచి కనిపించేలా చేయాలి. ఫోటో వెడల్పు 3,000 పిక్సెళ్లు, అంటే మంచి అచ్చులో 10 అంగుళాలు. ఒకరి తల నడుమ నుంచి పక్కవారి తల నడుమకు సుమారు 400 పిక్సెళ్లు. భుజాల వెడల్పు ఒక్కొక్కరికి 450. అంటే పక్కపక్కవాళ్ల భుజాలు 50 పిక్సెళ్ల మేర ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. గ్రూప్ ఫోటోల్లో ఇది మామూలే. ఫ్రేములో పట్టాలని ఫోటోగ్రాఫర్ అందరినీ దగ్గరకు జరుపుతాడు.

ఆ 50 పిక్సెళ్ల దగ్గరే అసలు పని ఉంది. నాలుగో టీచరు చుట్టూ గీత గీసుకుంటూ వెళ్తే ఆ గీత మూడు రకాలుగా సాగుతుంది. తల చుట్టూ గోడ ఉంది కాబట్టి అక్కడ గీత ఆవిడకూ గోడకూ మధ్య నడుస్తుంది. ఎడమవైపున్న మూడో టీచరు భుజం ఆవిడ వెనక ఉంది. అక్కడ గీత ఆవిడ చీర అంచు వెంటే వెళ్తుంది, దానికి అవతల ఆయన చొక్కా మొదలవుతుంది. కుడివైపున్న ఐదో టీచరు మాత్రం ఆవిడకు కొంచెం ముందుకు నిలబడ్డారు. అక్కడ గీత ఐదో టీచరు చేతి అంచు వెంట వెళ్లాలి, ఎందుకంటే కనిపించే అంచు ఆమెది.

కత్తిరించాక ఈ తేడా బయటపడుతుంది. ఐదో టీచరు భుజం నిండుగా ఉంటుంది. మూడో టీచరు భుజం మాత్రం 50 పిక్సెళ్ల మేర కొరికేసినట్టు ఉంటుంది. ఆ ముక్క ఎక్కడికీ పోలేదు, కెమెరా దాన్ని అసలు చూడనే లేదు. గోడ ఉన్నచోట ఖాళీ చూస్తే అక్కడ మనిషి ఉండేదని తెలుస్తుంది. భుజం తెగినచోట మాత్రం ఉన్న మనిషికే ఏదో జరిగినట్టు అనిపిస్తుంది. పక్కవారి చెయ్యి ఆవిడ భుజం మీద గానీ నడుము చుట్టూ గానీ ఉంటే చిక్కు ఇంకా ఎక్కువ. అవతల నుంచి తొంగిచూసే నాలుగు వేళ్లు గాలిలో మిగిలిపోతాయి. వాటినీ తీసేయాల్సిందే.

కత్తిరించడానికి ఎరేజర్ వాడకూడదు. ఫోటోషాప్‌లోనైనా గింప్‌లోనైనా లేయర్ మాస్క్ ఉంటుంది. మాస్క్ మీద నల్లగా పూసిన చోట బొమ్మ దాగుతుంది, తెల్లగా పూస్తే తిరిగి కనిపిస్తుంది. అసలు ఫోటో చెక్కుచెదరదు కాబట్టి, భుజం అంచు ఒక పిక్సెల్ ఎక్కువ పోయిందనిపిస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. చీర, చొక్కా అంచులకు పెన్ టూల్‌తో గీత గీసుకోవడం మేలు. గీత ఆవిడ అంచుకు ఒకటి రెండు పిక్సెళ్లు బయటికి ఉండాలి. లేకపోతే ఖాళీ చుట్టూ ఎర్రచీర రంగు సన్నని దారంలా మిగిలిపోతుంది. ఇంకో రెండు గుర్తులు చాలామంది మర్చిపోతారు. ఒకటి ఫ్లాష్ వెలుగుకు గోడ మీద పడ్డ ఆవిడ నీడ. రెండోది పక్కాయన తెల్లచొక్కా మీద ఎర్రచీర నుంచి పడ్డ ఎర్రటి ఛాయ. మొదటిదాన్ని తీసేయాలి, రెండోదానికి అక్కడ మాత్రం రంగు తగ్గించాలి.

కంప్యూటర్‌లో పారదర్శకత అంటే ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు ఉండే నాలుగో విలువ. దాన్ని ఆల్ఫా అంటారు. అది 255 అయితే పిక్సెల్ పూర్తిగా కనిపిస్తుంది, 0 అయితే వెనకున్నది పూర్తిగా కనిపిస్తుంది. జేపెగ్ ఫైలులో ఈ నాలుగో విలువకు చోటు లేదు. అందులో దాస్తే ఖాళీ మామూలుగా తెల్లరంగుతో నిండిపోతుంది. పీఎన్‌జీగా దాచాలి. దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే మళ్లీ జేపెగ్ అవుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి.

తెర మీద ఆ ఖాళీ తెలుపు, బూడిద గళ్లుగా కనిపిస్తుంది. ఆ గళ్లు బొమ్మలో లేవు, ఇక్కడ ఏమీ లేదని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ చూపించే గుర్తు మాత్రమే. గళ్లను చూస్తూ ఎడం బాగుందో లేదో నిర్ణయించకూడదు, అవి కన్నును తమవైపు లాగేస్తాయి. పేజీ ఏ రంగులో ఉండబోతోందో ఆ రంగు లేయర్‌ను కింద పరిచి అప్పుడు చూడాలి. ముదురు గోడ మధ్య లేత రంగు ఖాళీ, ఉన్నదానికంటే కొంచెం పెద్దగా కనిపిస్తుంది. అదే ఖాళీలో గోడకు దగ్గరి రంగు పెడితే ఎడం తగ్గినట్టు ఉంటుంది. పిక్సెళ్లు మారలేదు, చూపు మారింది.

ఇక ఎడం సంగతి. మిగతావాళ్ల తలల మధ్య ఖాళీ చూద్దాం. తల వెడల్పు సుమారు 150 పిక్సెళ్లు, నడుమ నుంచి నడుమకు 400 కాబట్టి, తలకూ తలకూ మధ్య 250 ఖాళీ ఉంటుంది. నాలుగో టీచరు పోయాక మూడో, ఐదో తలల మధ్య అది 650 అవుతుంది. వరసలో మిగతా అన్నిచోట్లా 250, ఒక్కచోట 650. రెండు జట్లుగా కనిపించడానికి కారణం ఇదే. భుజాల దగ్గర తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. అందరి భుజాలూ ఒకదానిమీద ఒకటి పడి ఉంటే, అక్కడొక్కచోట 400 పిక్సెళ్ల సందు.

దీన్ని చూసి చాలామంది కుడివైపు ముగ్గురినీ ఒక 200 పిక్సెళ్లు ఎడమకు జరిపి ఊరుకుంటారు. తలల మధ్య ఎడం 450కి తగ్గుతుంది, అయినా మిగతావాటికి దాదాపు రెండింతలు. నిండు ఖాళీలా కావాలని వదిలినట్టూ ఉండదు, మామూలు వరసలానూ ఉండదు. చూసినవాళ్లకు పొరపాటులా అనిపిస్తుంది. మూడో టీచరు తెగిన భుజం కూడా అలాగే బయటికి కనిపిస్తూ ఉంటుంది. కాబట్టి ఖాళీని ఉంచితే పూర్తిగా ఉంచాలి, మూస్తే పూర్తిగా మూయాలి.

మూయాలంటే 400 పిక్సెళ్లు జరపాలి. అప్పుడు ఐదో టీచరు నిండు భుజం సరిగ్గా వచ్చి మూడో టీచరు తెగిన భుజం మీద పడుతుంది. ఇది ఆమె ముందుకు నిలబడి ఉండబట్టే కుదిరింది. నాలుగో టీచరే ఇద్దరికీ ముందు నిలబడి ఉంటే రెండు భుజాలూ తెగేవి, ఏదీ రెండోదాన్ని కప్పలేకపోయేది. అందుకే జరపాలా వద్దా అని తేల్చుకునే ముందు ఎవరు ఎవరికి ముందున్నారో చూడాలి. ఇద్దరి ఎత్తులు వేరు కాబట్టి 400 జరిపినా మోచేతి దగ్గరో భుజం పైనో సన్నని సందులు మిగలొచ్చు. మరో ఐదు పది పిక్సెళ్లు జరిపితే అవి పోతాయి.

తర్వాత గోడనూ నేలనూ చూడాలి. కెమెరా కొంచెం వంగి ఉంటే నేలా గోడా కలిసే గీత కుడివైపుకు దిగుతూ పోతుంది. 400 పిక్సెళ్లకు 10 పిక్సెళ్లు దిగుతోందనుకుందాం. కుడి భాగాన్ని తిన్నగా ఎడమకు జరిపితే అతుకు దగ్గర ఆ గీత 10 పిక్సెళ్ల మెట్టు దిగుతుంది. జరిపేటప్పుడే 10 పిక్సెళ్లు పైకి కూడా లేపితే గీత కలుస్తుంది. మూసేశాక ఫోటో వెడల్పు 2,600 పిక్సెళ్లు. 10 అంగుళాలకు బదులు సుమారు 8.7 అంగుళాల్లో అచ్చువేస్తే నాణ్యత తగ్గదు.

అంచున ఉన్న మనిషిని తీసేయడం ఎందుకు తేలికో చరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఫోటో చూపిస్తుంది. మాస్కో–వోల్గా కాలువ ఒడ్డున వొరొషిలొవ్, మొలొతొవ్, స్టాలిన్‌ల వరసకు కుడి చివర నికొలాయ్ యెజొవ్ ఉన్నాడు. సోవియట్ రహస్య పోలీసుల అధిపతి. పదవి పోయి, 1940లో మరణశిక్ష అమలయ్యాక ఆ ఫోటోలోంచి అతణ్ణి తీసేశారు. పక్కనున్నది కాలువ నీరే కాబట్టి ఆ చోటును నీటితోనే నింపారు. స్టాలిన్ పక్కన నీరు ఎక్కువగా కనిపిస్తుందే తప్ప వరసలో సందు పడలేదు. మధ్యలో ఉన్న మొలొతొవ్‌ను తీసేయాలంటే మిగతావాళ్లను జరపాల్సి వచ్చేది.

ఆ ఫోటో ఇంకో సంగతి కూడా చెబుతుంది. నింపేసిన ఫోటో, జరిపి మూసేసిన ఫోటో రెండూ జరగనిది జరిగినట్టు చూపిస్తాయి. మన ఉదాహరణలో మూడో, ఐదో టీచర్లు ఆరోజు పక్కపక్కన నిలబడలేదు. ఆహ్వాన పత్రికకో గోడ మీద పెట్టుకునే ఫ్రేముకో అయితే దానివల్ల నష్టం లేదు, మూసేయవచ్చు. బడి సంచిక మాత్రం పాతికేళ్ల తర్వాత ఎవరో తీసి చూసే పుస్తకం. అందులో 400 పిక్సెళ్ల ఖాళీని అలాగే ఉంచడం సరైన పని. తెగిన భుజం కొట్టొచ్చినట్టు కనిపించకుండా, మనిషి ఆకారంలో కాకుండా, తల నుంచి పాదాల దాకా నిలువు పట్టీలా ఖాళీని వదలొచ్చు. ఆ పట్టీకి ఎడమ అంచు మూడో టీచరు భుజం తెగినచోటికి కాస్త లోపలికి తిన్నగా పడితే, కొరికినట్టున్న వంపు పోయి ఫోటో అక్కడ ఆగినట్టు ఉంటుంది. మనిషి ఆకారం పోవడం వల్ల ఆవిడ నిలబడ్డ తీరును బట్టి ఎవరో గుర్తుపట్టే వీలూ తగ్గుతుంది. కింద పేర్ల వరసలో నాలుగో చోట, అక్కడున్న వారి కోరిక మేరకు బొమ్మ తీసేశామని ఒక్క వాక్యం ఉండాలి. ఆ వాక్యం ఉంటే ముగ్గురేసి రెండు జట్లుగా కనిపించిన వరసను పాఠకుడు మళ్లీ ఏడుగురి వరసగానే చదువుకుంటాడు.