నట్టు విప్పినా ఊడని బాల్ జాయింట్

చాలా కార్లలో ముందు చక్రం బేరింగ్ మార్చాలంటే చక్రాన్ని మోసే స్టీరింగ్ నకిల్‌ను బయటికి తీయాలి. అది కింది ఆర్మ్‌కు బాల్ జాయింట్‌తో అతుక్కుని ఉంటుంది. నట్టు విప్పగానే జాయింట్ ఊడి చేతికొస్తుందనుకుంటే పొరపాటే. చాలాసార్లు అంగుళం కూడా కదలదు.

కారణం దాని ఆకారంలోనే ఉంది. బాల్ జాయింట్ కాడ ఒక చివరకు పోనుపోను సన్నబడుతుంది. నకిల్‌లోని రంధ్రం కూడా అదే వాలులో ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ కాడ లోపలికి దిగి, మేకు దిగ్గొట్టినట్టు పట్టేస్తుంది. ఆ తర్వాత నట్టు తీసేసినా పట్టు వదలదు. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు దానికి తోడు.

ఈ పట్టు విడిపించడానికి షెడ్డుల్లో రెండు పనిముట్లు వాడతారు. మొదటిది ఫోర్క్. రెండు కొమ్ములున్న ఉక్కు చీల ఇది. నకిల్‌కూ జాయింట్‌కూ మధ్య దూర్చి వెనక నుంచి పెద్ద సుత్తితో కొడితే, కొమ్ముల మందం రెండింటినీ ఎడం చేస్తుంది. పని వేగంగా అవుతుంది. కానీ ఆ సందులోనే జాయింట్ రబ్బరు బూటు ఉంటుంది, ఫోర్క్ దాన్ని దాదాపు ఎప్పుడూ చింపేస్తుంది. చిరిగిన చోటు నుంచి నీళ్లు, దుమ్ము లోపలికి చేరి గ్రీజు పాడవుతుంది, గుండు అరిగి ఆట వస్తుంది. అందుకే పారేసే జాయింట్‌కే ఫోర్క్ తగినది.

మనం చెప్పుకున్న పనిలో పాడైంది బేరింగ్. జాయింట్ బాగానే ఉంది, మళ్లీ అదే బిగించాలి. ఇక్కడ పుల్లర్ కావాలి. దాని దవడ నకిల్‌ను పట్టుకుంటుంది, మధ్యలోని స్క్రూ కాడ కొసను నెడుతుంది. ముందు స్ప్లిట్ పిన్ లాగేసి నట్టును వదులు చేయాలి, పూర్తిగా తీయకూడదు. కొన్ని మరలు పట్టి ఉంచితే జాయింట్ విడిపోయినప్పుడు ఆర్మ్ ఎగిరి పడదు, కాడ మరలు కూడా దెబ్బతినవు. స్క్రూ బాగా బిగించాక కూడా విడవకపోతే ఇంకా తిప్పుతూ పోకూడదు. నకిల్‌లో కాడ దూరిన గుండ్రటి భాగాన్ని పక్క నుంచి సుత్తితో గట్టిగా కొట్టాలి. ఆ అదురుకు పట్టు సడలి ‘టప్’మని పెద్ద చప్పుడుతో విడిపోతుంది. ముఖం దగ్గరగా పెట్టకూడదు, కంటి అద్దాలు తప్పనిసరి. కాడ కొసను మాత్రం సుత్తితో కొట్టకూడదు, మరలు నలిగితే నట్టు మళ్లీ ఎక్కదు.

స్ప్రింగ్ కింది ఆర్మ్ మీదే కూర్చునే బండ్లలో అసలు ప్రమాదం వేరు. జాయింట్ విడిచిన క్షణంలో స్ప్రింగ్ బలమంతా ఆర్మ్‌ను కిందికి తన్నుతుంది. బండిని స్టాండ్ల మీద నిలిపి, ఆర్మ్ కింద జాకీ ఆనించాకే పుల్లర్ పట్టాలి.

కొన్ని కార్లలో కాడ నిటారుగా ఉండి, అడ్డంగా ఒక్క బోల్టు బిగిస్తుంది. అక్కడ పుల్లర్‌తో పనిలేదు. బోల్టు పూర్తిగా తీసి, నకిల్ చీలికను కొద్దిగా తెరిస్తే చాలు.

తిరిగి బిగించేటప్పుడు కాడను, రంధ్రాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, కంపెనీ మాన్యువల్ చెప్పినంత బిగువుతో నట్టు బిగించాలి. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును వెనక్కి తిప్పకుండా తర్వాతి గాడి వచ్చేదాకా ఇంకాస్త బిగించి, కొత్త పిన్ను వేయాలి.