నాలుగో ఘాతాల మొత్తంలోకి పై ఎలా వచ్చింది?

1 + 1/16 + 1/81 + 1/256... ఇలా కలుపుకుంటూ పోతే ఎక్కడ తేలుతుంది? ఫ్రెంచి గణితజ్ఞుడు పార్సెవాల్ పేరుతో ఉన్న సూత్రం ఈ లెక్కను చకచకా తేల్చేస్తుంది. ఒక తరంగం మొత్తం శక్తి, అంటే దాని వర్గం సగటు, విడి తరంగాల శక్తుల మొత్తానికి సమానమని ఆ సూత్రం చెబుతుంది.

−π నుంచి π వరకు x² తీసుకుందాం. దాని ఫోరియర్ శ్రేణిలో స్థిరపదం π²/3, కొసైన్ల గుణకాలు 4(−1)ⁿ/n². వర్గం చేస్తే గుర్తులు పోయి 16/n⁴ మిగులుతుంది. మనకు కావలసింది సరిగ్గా అదే!

x⁴ సగటు π⁴/5. స్థిరపదం శక్తి π⁴/9. కొసైన్ వర్గం సగటు సగమే కాబట్టి,

π⁴/5 = π⁴/9 + 8(1 + 1/16 + 1/81 + ...)

అంటే మొత్తం π⁴/90, సుమారు 1.0823.

స్థిరపదాన్నీ సగం చేయడం తరచూ దొర్లే పొరపాటు. అప్పుడు 1.76 దాకా వస్తుంది. మొదటి నాలుగు పదాలు కలిపితే 1.0788; మిగిలినవన్నీ కలిసినా 1/192 దాటవు. తప్పు అక్కడే పట్టుబడుతుంది.