పదహారేళ్లకు మొదటి కారు: ఏ కంపెనీ అని కాదు, ఏ ఏడాదిది, ఏ ఇంజిన్ అని అడగాలి

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ బడికి వెళ్లాలన్నా, స్నేహితుల ఇంటికి వెళ్లాలన్నా కారు లేనిదే పని జరగదు. టెక్సస్‌లో 15 ఏళ్లకు లెర్నర్ లైసెన్స్ ఇస్తారు. దానితో కనీసం 6 నెలలు పెద్దల పక్కన నడిపి, 16 నిండాక పరీక్ష నెగ్గితే ఒంటరిగా నడపవచ్చు. ఆ పుట్టినరోజు దగ్గరపడుతుంటే ఇంట్లో వాదన మొదలవుతుంది. అబ్బాయికి మస్టాంగ్ కావాలి. గీతలు పడినా బాధ ఉండదు కాబట్టి చవకైన చిన్న కారు చాలంటుంది తల్లి. తన టెస్లా వాడికిచ్చి తాను కొత్తది తీసుకుంటే సరిపోతుందని తండ్రి ఆలోచన.

ముగ్గురి మాటలోనూ చిక్కు ఉంది. అమెరికాలో నడిపిన మైళ్ల లెక్కన చూస్తే, 20 ఏళ్లు దాటినవారికన్నా 16-19 ఏళ్లవారు ప్రాణాంతక ప్రమాదాల్లో చిక్కుకునే అవకాశం దాదాపు మూడు రెట్లు. కాబట్టి కారు ఎంచుకునేటప్పుడు ఏదో ఒక రోజు ఇది గుద్దుకుంటుందనే అనుకోవాలి. ఆ రోజు లోపల ఉన్నవారిని అది ఎంత కాపాడుతుందన్నదే మొదటి లెక్క.

తల్లి అడిగిన చిన్న కారు ఈ లెక్కలోనే తేలిపోతుంది. బీమా కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2009లో ఒకే కంపెనీ చిన్న కారును, మధ్యస్థం కారును ఎదురెదురుగా గుద్దించి చూసింది. టయోటా యారిస్‌ను క్యామ్రీతో, హోండా ఫిట్‌ను అకార్డ్‌తో ఢీకొట్టించారు. గోడను గుద్దిన పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న ఆ చిన్న కార్లు ఇక్కడ అట్టడుగు స్థాయికి పడిపోయాయి. రెండు బండ్లు ఢీకొన్నప్పుడు తేలికైనది ఒక్కసారిగా వెనక్కి నెట్టుకుపోతుంది. ఆ కుదుపు లోపలివారి మెడ మీద, ఛాతీ మీద పడుతుంది. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా బరువులో ఉన్న తేడా పోదు. అందుకే ఈ సంస్థ టీనేజర్ల కోసం విడుదల చేసే జాబితాలో 2,750 పౌండ్ల లోపు, అంటే సుమారు 1,250 కిలోల లోపు కార్లకు చోటివ్వదు.

బరువు తర్వాత చూడాల్సింది తయారైన ఏడాది. బండి జారి అదుపు తప్పబోతే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో నిలబెట్టే ఈఎస్‌సీ వ్యవస్థ 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కారుకూ తప్పనిసరి. ఒంటరి కారు ప్రమాదాల్లో చావులను అది సుమారు సగానికి తగ్గించిందని ఐఐహెచ్‌ఎస్ లెక్క. మలుపులో వేగం అంచనా వేయడం ఇంకా చేతకాని పిల్లలకు ఇది అన్నిటికన్నా అవసరం. అంతకన్నా పాతది తీసుకోవాల్సివస్తే ఆ బండిలో ఈఎస్‌సీ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

2012లోనే మరో కొత్త పరీక్ష మొదలైంది. బంపర్ ఒక మూల, అంటే ముందు భాగంలో నాలుగో వంతు మాత్రమే, గంటకు 40 మైళ్ల వేగంతో అడ్డును తాకితే ఏమవుతుందో చూస్తారు. చెట్టునో స్తంభాన్నో ఒరుసుకుంటూ గుద్దినట్టన్నమాట. ఈ పరీక్షలో 2012 క్యామ్రీకి నాలుగు స్థాయిల్లో అన్నిటికన్నా కిందిది దక్కింది. 2015 క్యామ్రీ మాత్రం పై స్థాయికి చేరింది. 2013 అకార్డ్ సెడాన్ మొదటి ప్రయత్నంలోనే అక్కడికి చేరింది. పేరు ఒకటే అయినా రెండు మూడేళ్ల తేడాలో లోపలి చట్రం మారిపోతుంది. 'క్యామ్రీ అయితే చాలు' అనుకునేవారు ఈ సంగతి గమనించరు.

ఇక బలం. 2012-17 మధ్య క్యామ్రీ రెండు ఇంజిన్లతో వచ్చింది. నాలుగు సిలిండర్లది 178 హార్స్‌పవర్, వీ6 ఇంజిన్‌ది 268. పైకి ఒకటే కారు. హైవే మీదకు ఎక్కి వేగం అందుకోవడానికి మొదటిదే సరిపోతుంది. మిగతా 90 హార్స్‌పవర్ ఉపయోగపడేది, పక్కసీటులో స్నేహితుడు 'ఇంకొంచెం' అన్నప్పుడే. తండ్రి టెస్లాతోనూ ఇదే ఇబ్బంది. మోడల్ 3 లాంగ్ రేంజ్ రకం 5 సెకన్లలోపే 60 మైళ్ల వేగానికి చేరుతుంది. భద్రతా పరీక్షల్లో మార్కులు బాగానే ఉన్నా, స్పోర్ట్స్ కారు దూకుడును కొత్త చేతిలో పెట్టినట్టే.

ఇన్సూరెన్స్ బిల్లు చూసి బెదిరిపోయేవారు అది ఎక్కడినుంచి వస్తుందో విడదీసి చూడాలి. ఎదుటివారికి జరిగిన నష్టానికి కట్టే లయబిలిటీ భాగం ఎక్కువగా నడిపేవారి వయసును బట్టి ఉంటుంది. కారు చవకదైనంత మాత్రాన అది పెద్దగా తగ్గదు. మన కారుకే దెబ్బ తగిలితే ఇచ్చే కొలిజన్, దొంగతనం, వడగళ్లు లాంటివాటికి ఇచ్చే కాంప్రహెన్సివ్ భాగాలు కారు ధర, రిపేరు ఖర్చు బట్టి మారతాయి. పొదుపు చేయాల్సింది ఇక్కడే. అప్పు లేకుండా కొన్న పాత కారయితే డిడక్టిబుల్ పెంచుకోవచ్చు. బండి విలువ బాగా పడిపోయాక కొలిజన్ తీసేయవచ్చు కూడా. అప్పు మీద కొంటే ఇచ్చినవాళ్లు అందుకు ఒప్పుకోరు.

లయబిలిటీ దగ్గర మాత్రం పొదుపు చేయకూడదు. టెక్సస్ కనీస పరిమితి ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదానికి మొత్తం 60,000, ఆస్తి నష్టానికి 25,000. కొత్త పికప్ ట్రక్కును గుద్దితే ఆ 25,000 చాలకపోవచ్చు. మిగిలినది ఇల్లు, పొదుపు ఉన్న తల్లిదండ్రుల మీదకే రావచ్చు. పిల్లల పేరిట వేరే పాలసీ తీసుకోకుండా ఇంటి పాలసీలోనే చేర్చడం సాధారణంగా చవక. స్కూల్లో బీ సగటు తెచ్చుకుంటే చాలా కంపెనీలు తగ్గింపు ఇస్తాయి, కాబట్టి మార్కుల కాగితం పంపడం మరవకూడదు.

12,000 డాలర్లు చేతిలో ఉన్న కుటుంబం ముందు మూడు కార్లున్నాయనుకుందాం: తేలికైన యారిస్, 2013 వీ6 క్యామ్రీ, నాలుగు సిలిండర్ల 2015 అకార్డ్. యారిస్ బరువు దగ్గర ఆగిపోతుంది. క్యామ్రీ బంపర్ మూల పరీక్ష దగ్గరా, ఇంజిన్ దగ్గరా ఓడిపోతుంది. అకార్డ్‌కు 185 హార్స్‌పవర్, బరువు 3,200 పౌండ్ల పైచిలుకు. ఇక్కడ నిలిచేది అదొక్కటే.

అయినా అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ కారు 17 అక్షరాల విన్ నంబరు తీసుకుని బీమా ఏజెంటుకు పంపి కొటేషన్ అడగాలి. ఒక్కోసారి ఊహించని చోట ధర పెరుగుతుంది. తాళం తిప్పి స్టార్ట్ చేసే, ఇమ్మొబిలైజర్ లేని 2011-22 నాటి కొన్ని కియా, హ్యుందాయ్ కార్ల దొంగతనాలు పెరిగినప్పుడు, కొన్ని నగరాల్లో కొన్ని కంపెనీలు వాటికి కొత్త పాలసీలే ఇవ్వలేదు. అదే నంబరుతో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో రీకాల్ మిగిలి ఉందేమో చూడాలి. 2000ల నాటి పాత కార్లలో టకాటా ఎయిర్‌బ్యాగులు ఇంకా మార్చకుండా ఉన్నవి ఎదురుపడవచ్చు. డీలరు దగ్గర వాటిని ఉచితంగా మారుస్తారు. టైటిల్ కాగితం మీద 'సాల్వేజ్' లేదా 'రీబిల్ట్' అని ఉంటే బేరం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా వెనక్కి వచ్చేయాలి. ఒకసారి నుజ్జయిన చట్రాన్ని ఎవరు ఎలా అతికించారో ఏ రేటింగూ చెప్పలేదు.