పచ్చ బటన్ వదిలినా మోటారు ఎందుకు ఆగదు?

రాత్రి పోయిన కరెంటు తెల్లవారుజామున వచ్చింది. ఇంట్లో ఫ్యాను దానంతటదే తిరిగింది, లైటు వెలిగింది. బావి దగ్గర మోటారు మాత్రం కదల్లేదు. ఎవరో ఒకరు వెళ్లి స్టార్టర్ మీద పచ్చ బటన్ నొక్కాల్సిందే. ఫ్యాను స్విచ్చి వేసిన చోటే ఉండిపోతుంది కాబట్టి కరెంటు రాగానే ఫ్యాను తిరుగుతుంది. పచ్చ బటన్ అలా ఉండదు. దాని లోపల స్ప్రింగు ఉంది, వేలు తీయగానే వెనక్కి వచ్చేస్తుంది. అయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. మరి బటన్ నొక్కిన సంగతిని గుర్తుపెట్టుకుంటున్నది ఏది? కరెంటు పోతే ఆ గుర్తు ఎందుకు చెరిగిపోతోంది? రెండింటికీ జవాబు ఒక చిన్న బొమ్మలో ఉంది. దాన్ని ల్యాడర్ డయాగ్రామ్ అంటారు.

```
 L                                        N
 |   STOP     OL        START       K1    |
 |---|/|------|/|---+----| |----+---( )---|
 |                  |           |         |
 |                  |    K1     |         |
 |                  +----| |----+         |
```

అటూ ఇటూ ఉన్న నిలువు గీతలు సప్లయి. ఎడమది ఫేజ్, కుడిది న్యూట్రల్. వాటి మధ్య అడ్డంగా ఉన్నది నిచ్చెన మెట్టు. ఎడమ గీత నుంచి బయల్దేరిన కరెంటు మెట్టు వెంట నడిచి కుడి గీతను చేరగలిగితే, దారి చివర ఉన్న గుండ్రటి గుర్తుకు, అంటే కాయిల్‌కు, ప్రాణం వస్తుంది. ఎక్కడ దారి తెగినా రాదు. మోటారుకు వెళ్లే మూడు ఫేజ్‌ల లావు వైర్లు ఈ బొమ్మలో కనిపించవు. ఇది మోటారును నడిపే దారి కాదు, మోటారును నడపాలా వద్దా అని నిర్ణయించే దారి.

మధ్యలో ఖాళీతో నిలబడ్డ రెండు చిన్న గీతలు మామూలుగా తెరిచి ఉండే కాంటాక్ట్. మెకానిక్‌లు దాన్ని ఎన్‌ఓ అంటారు. వాటికి అడ్డంగా ఏటవాలు గీత ఉంటే అది మామూలుగా మూసుకుని ఉండే కాంటాక్ట్, ఎన్‌సీ. కొత్తగా చూసేవాళ్లు ఇక్కడే తడబడతారు. ఏటవాలు గీతను చూసి అక్కడ దారి కొట్టేశారని అనుకుంటారు. నిజానికి కరెంటు సాఫీగా వెళ్లేది అక్కడే. ఈ గుర్తులన్నీ సప్లయి లేనప్పుడు, ఏ బటన్ మీదా ఎవరి వేలూ లేనప్పుడు ఉండే స్థితిని చూపిస్తాయి. బొమ్మ కదలదు, కదిలించుకోవాల్సింది చదివేవాళ్లే. ఒక్కో క్షణానికీ ఏ కాంటాక్ట్ మారిందో మనసులో మార్చుకుంటూ దారి ఉందా లేదా అని చూడాలి. ల్యాడర్ చదవడమంటే ఇంతే.

K1 అనే పేరు రెండు చోట్ల ఎందుకుందో కూడా ముందే తెలుసుకోవాలి. K1 అంటే స్టార్టర్ పెట్టెలో ఉండే కాంటాక్టర్. దాని కాయిల్‌కు కరెంటు అందగానే అది అయస్కాంతమై ఒక ఇనుప ముక్కను టక్కున లాగుతుంది. ఆ ముక్కతోపాటు మూడు పెద్ద కాంటాక్ట్‌లు కదిలి మోటారుకు మూడు ఫేజ్‌లూ ఇస్తాయి. వాటితో కలిసే కదిలే చిన్న కాంటాక్ట్ ఇంకొకటి ఉంటుంది. కాంటాక్టర్ మీద కాయిల్ టెర్మినళ్ల దగ్గర A1, A2 అని, ఈ చిన్న కాంటాక్ట్ దగ్గర సాధారణంగా 13, 14 అని రాసి ఉంటాయి. బొమ్మలో పచ్చ బటన్ కింద సమాంతరంగా కనిపించేది ఈ 13-14 కాంటాక్టే. వస్తువు ఒక్కటే అయినా పని రెండు చోట్ల ఉంది కాబట్టి ఒకే పేరుతో రెండుసార్లు గీస్తారు.

ఇప్పుడు దారి వెంట నడుద్దాం. మోటారు ఆగి ఉంది. ఫేజ్ నుంచి వచ్చిన కరెంటు ఎర్ర బటన్‌ను దాటుతుంది, ఎందుకంటే అది ఎన్‌సీ. ఓవర్‌లోడ్ రిలే కాంటాక్ట్‌ను కూడా దాటుతుంది. ఆపైన దారి రెండుగా చీలుతుంది. పైన పచ్చ బటన్ తెరిచి ఉంది, కింద K1 కాంటాక్ట్ కూడా తెరిచే ఉంది. కరెంటు అక్కడే ఆగిపోతుంది.

పచ్చ బటన్ నొక్కగానే పై దారి కలిసింది, కాయిల్‌కు కరెంటు అందింది. కాంటాక్టర్ లాగింది, మోటారు కదిలింది. అదే కదలికలో కింది K1 కాంటాక్ట్ కూడా మూసుకుంది. ఇప్పుడు కాయిల్‌కు రెండు దారులున్నాయి. వేలు తీస్తే పై దారి తెగుతుంది, కింది దారి మిగులుతుంది. ఆ దారిని మూసి ఉంచుతున్నది కాయిల్, ఆ కాయిల్‌కు కరెంటు తెస్తున్నది ఆ దారి. తనను తాను పట్టుకుని నిలబడే ఈ ఏర్పాటుకే హోల్డింగ్ అని పేరు. బటన్ నొక్కిన సంగతిని గుర్తుపెట్టుకున్నది ఆ చిన్న కాంటాక్టే.

ఎర్ర బటన్ నొక్కితే రెండు దారులకూ మూలమైన చోటే కరెంటు తెగుతుంది. కాయిల్ వదిలేస్తుంది, K1 కాంటాక్ట్ తెరుచుకుంటుంది. వేలు తీశాక ఎర్ర బటన్ మళ్లీ మూసుకున్నా ప్రయోజనం లేదు, ఈలోగా కింది దారి తెగిపోయింది. మోటారు మీద భారం పెరిగి ఓవర్‌లోడ్ రిలే వేడెక్కి ట్రిప్ అయినా ఇదే జరుగుతుంది.

స్టాప్ కాంటాక్ట్ రెండు దారులూ చీలకముందే ఉండటం ప్రాణాధారమైన విషయం. దాన్ని పొరపాటున పచ్చ బటన్ ఉన్న కొమ్మలో పెడితే, హోల్డింగ్ పడ్డాక ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. కింది K1 కొమ్మలో మాత్రమే పెడితే మామూలుగా ఆగుతుంది గానీ, ఎవరైనా పచ్చ బటన్ నొక్కిపట్టి ఉంచినా, అది ఇరుక్కుపోయినా ఎర్ర బటన్ పనిచేయదు. వైరింగ్ చూడగానే ముందు వెతకాల్సింది ఇదే: రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే గెలిచేది ఏది? గెలవాల్సింది ఎర్రది.

కరెంటు పోతే ఏమవుతుందో ఇక బొమ్మే చెబుతుంది. ఎడమ గీతలోనే సప్లయి లేదు, కాయిల్ వదిలేసింది, హోల్డింగ్ పోయింది. సప్లయి తిరిగి వచ్చేసరికి రెండు కొమ్మలూ తెరిచే ఉన్నాయి. అందుకే మోటారు కదలదు. కరెంటు లేదని పిండిగిర్నీ బెల్టు సర్దుతూనో, పంపు విప్పుతూనో ఉన్న మనిషి చేతిని కాపాడుతున్నది ఈ మతిమరుపే.

మన పొలాల్లో చాలాకాలం ఆటో స్టార్టర్లు చేసింది ఈ మతిమరుపును తీసేయడమే. వేళాపాళా లేకుండా వచ్చే కరెంటు కోసం రాత్రిళ్లు చేనుకు వెళ్లలేక రైతులు వాటిని పెట్టుకున్నారు. ఆ కష్టం నిజమైనదే. కానీ సప్లయి రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. నేరుగా లైను మీద స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణాల్లో మామూలుకన్నా ఐదారు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడిస్తే భూగర్భ జలం అడుగంటుతుందన్న భయం కూడా దాని వెనక ఉంది.

చెడిపోయినప్పుడు కూడా ఈ బొమ్మే దారి చూపిస్తుంది. పచ్చ బటన్ నొక్కి ఉంచినంతసేపు మోటారు తిరిగి, వదలగానే ఆగిపోతోందనుకోండి. నొక్కినప్పుడు తిరిగింది కాబట్టి స్టాప్, ఓవర్‌లోడ్, కాయిల్ అన్నీ బాగున్నట్టే. మిగిలింది కింది కొమ్మ ఒక్కటే. 13-14 దగ్గర వైరు ఊడిందా, కాంటాక్ట్‌లో దుమ్ము చేరిందా, మసిబారిందా అని చూడాలి. మెయిన్ స్విచ్ తీసేసి, సప్లయి లేదని మీటరుతో రూఢి చేసుకుని, 13-14 వైరు ఒకటి విప్పి, కాంటాక్టర్‌ను చేత్తో లోపలికి నొక్కితే ఆ రెంటి మధ్య మల్టీమీటరు కూయాలి. కూయకపోతే లోపం దొరికినట్టే. ఎప్పుడూ ఆగిపోకుండా, ఓల్టేజీ పడిపోయిన వేళల్లోనే కాంటాక్టర్ టకటకలాడుతూ వదిలేస్తుంటే తప్పు కాంటాక్ట్‌ది కాదు. కాయిల్ సరిగ్గా లాగాలంటే దాని మీద రాసిన ఓల్టేజీలో కనీసం 85 శాతం అందాలి.

ఈ బొమ్మ చూపించలేని లోపం ఒకటుంది. పెద్ద కాంటాక్ట్‌లు వేడికి కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతే, ఎర్ర బటన్ నొక్కినా, కాయిల్‌లో కరెంటు లేకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. కంట్రోల్ మెట్టు ప్రకారం అంతా ఆగిపోయినట్టే. అప్పుడు పై మెయిన్ స్విచ్ దించడం తప్ప మార్గం లేదు.

ఫ్యాక్టరీల్లో ఇదే మెట్టు ఇప్పుడు వైర్లలో కాకుండా పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటరులో ఉంటుంది. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ అడిగిన మేరకు తొలి పీఎల్‌సీలను తయారు చేసినవాళ్లు, రిలే బొమ్మలు చదవడం వచ్చిన ఎలక్ట్రీషియన్లకు కొత్త భాష నేర్పకుండా ఆ నిచ్చెననే తెర మీదికి తెచ్చారు. కానీ అక్కడ కాంటాక్ట్ గుర్తు బటన్‌ను చూపించదు. ఆ ఇన్‌పుట్‌కు కరెంటు అందుతోందా అని అడుగుతుంది. ఎన్‌సీ స్టాప్ బటన్‌ను ఎవరూ నొక్కనప్పుడు ఇన్‌పుట్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. కాబట్టి ప్రోగ్రాములో దాన్ని ఏటవాలు గీత లేకుండా రాయాలి. ఓవర్‌లోడ్ కాంటాక్ట్‌కూ ఇదే లెక్క:

```
 |  STOP     OL       START       K1   |
 |---| |-----| |--+----| |----+---( )--|
 |                |    K1     |        |
 |                +----| |----+        |
```

పాత అలవాటు కొద్దీ ఏటవాలు గీత పెడితే మోటారు అసలు స్టార్టే కాదు. అప్పుడు కొందరు ప్రోగ్రాము దిద్దకుండా బటన్‌ను ఎన్‌ఓగా మార్చేస్తారు. మోటారు తిరుగుతుంది, ఆగుతుంది, పరీక్షలో అంతా బాగానే కనిపిస్తుంది. కానీ ఏదో ఒక రోజు స్టాప్ వైరును ఎలుక కొరికితే ఎర్ర బటన్ నొక్కిన కబురు పీఎల్‌సీకి చేరదు, మోటారు ఆగదు. ఎన్‌సీ బటనైతే వైరు తెగిన క్షణమే కరెంటు ఆగి, మోటారు దానంతటదే నిలిచిపోతుంది. అత్యవసర స్టాప్‌కు మాత్రం ప్రోగ్రాము మీద ఆధారపడకుండా, కాయిల్ దారినే నేరుగా తెంచే వైరింగ్ వేరుగా ఉండాలి.

పీఎల్‌సీలో హోల్డింగ్‌కూ ఒక మెలిక ఉంది. ప్రోగ్రాము లోపలి K1 బిట్‌నే హోల్డింగ్‌గా వాడితే, కాంటాక్టర్‌కు సప్లయి పోయి పీఎల్‌సీకి మాత్రం ఉన్నప్పుడు ఆ బిట్ అలాగే నిలిచి ఉంటుంది. సప్లయి రాగానే ఎవరూ బటన్ నొక్కకుండానే మోటారు లేస్తుంది. అందుకే కాంటాక్టర్ మీది 13-14 కాంటాక్ట్ నుంచి ఒక వైరును పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు తెచ్చి, హోల్డింగ్ కొమ్మలో బిట్‌కు బదులు ఆ ఇన్‌పుట్‌ను పెడతారు. కాంటాక్టర్ నిజంగా లాగి ఉంటేనే అప్పుడు హోల్డింగ్ నిలుస్తుంది.